కథలో మౌనాన్ని విశ్లేషించడం

“‘ఇక్కడ రచయిత మౌనం వహించాడు’ అని రాస్తే అది విశ్లేషణ కాదంటున్నారు. ఇంకేం రాయాలి?”

ఖాళీని గుర్తించి అక్కడే ఆగిపోతున్నట్టున్నారు. దాని చుట్టూ కథ వదిలిన ఆనవాళ్లు చూపాలి. హెమింగ్వే 1927 నాటి కథ ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ చూడండి. అందులో ఒకతను తనతో ఉన్న అమ్మాయిని గర్భస్రావానికి ఒప్పించాలని చూస్తుంటాడు.

1. చెప్పనిది: గర్భస్రావం అన్న మాట ఎక్కడా రాదు.

2. ఆనవాలు: అతను దాన్ని ‘ఆపరేషన్’ అంటాడు, చాలా తేలికని పదేపదే చెబుతాడు.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఆ మాటను మీరే సంభాషణలో పెట్టి చదవండి. ఏం పోయింది? పేరు పెట్టగానే అతని ‘తేలిక’ నిలబడదు. అంటే ఆ మౌనం అతని ఒత్తిడికి పనిముట్టు. మీ వాదన అక్కడ మొదలవుతుంది.

పెట్టి చదివినా ఏమీ మారకపోతే, అది శిల్పం కాదు, అవసరంలేని సమాచారం. వాళ్ల ఇంటిపేర్లు అలాంటివే.