బుజ్జిగాడు మళ్లీ అన్నం తిన్నాడన్నావు కదా

అమ్మా లక్ష్మీ,

ఒంగోలు నుంచి నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. నీ కుక్కపిల్ల బుజ్జిగాడు ఇవాళ పెరుగన్నం తిన్నాడని నీకు ప్రాణం లేచొచ్చింది. కానీ వాడి కళ్ల మూలల్లో పచ్చటి పుసి, ముక్కు మీద ఎండిన చీమిడి నాకు కనిపించాయి. కావలిలో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా ఇన్నేళ్లు చేసినవాణ్ణి, నా అనుమానం కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు మీదే. ఈ సాయంత్రమే డాక్టరుకు చూపించు. కిట్ పరీక్షలో లేదని వచ్చినా, లక్షణాలు అవే ఉంటే ఊరుకోవద్దు. ఆ కిట్ కొన్నిసార్లు జబ్బును పట్టుకోలేదు.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే అది తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. వైరస్ సోకిన వారం లోపల ఒకసారి జ్వరం వస్తుంది. ఒకటి రెండు రోజులు పిల్ల డల్‌గా ఉండి లేచి తిరుగుతుంది కాబట్టి చాలామంది గమనించరు. ఆ లోపలే రోగంతో పోరాడే తెల్లకణాలు దెబ్బతింటాయి. రెండో జ్వరంతో పుసి, చీమిడి, దగ్గు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఎదిరించే శక్తి లేదు కాబట్టి మామూలు బాక్టీరియా కూడా ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. వైరస్‌ను చంపే మందు లేదమ్మా. డాక్టరుగారు యాంటీబయాటిక్, సెలైన్, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చేది పిల్ల తట్టుకుని నిలబడటానికే.

నీ పని ముక్కు శుభ్రంగా ఉంచడం. వాసన తెలియకపోతే కుక్క ముద్ద ముట్టదు. గోరువెచ్చని నీళ్లలో దూది తడిపి పుసి, చీమిడి మెత్తబడేదాకా అద్ది తుడువు. అన్నం కాస్త వెచ్చచేసి పెట్టు. మన జ్వరం మాత్రలు మాత్రం వెయ్యొద్దు, అవి కుక్కలకు విషమవుతాయి.

మా కుక్క మల్లి సంగతి నీకు చెప్పలేదు. దానికి మూడు నెలలప్పుడు ఇలాగే వచ్చింది. పదిహేను రోజులు పోరాడి దగ్గు తగ్గింది, తోక ఊపింది, గిన్నె నాకింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత రెండు వారాలకు ఒక మధ్యాహ్నం అది వరండాలో నిద్రపోతుంటే ఎడమ ముందుకాలు లయగా ఎగురుతోంది. ఎవరో దారం కట్టి లాగుతున్నట్టుంది. కల వస్తోందేమో అనుకున్నా. లేపినా ఆగలేదు. వైరస్ నరాలదాకా వెళ్లిందని అప్పుడు అర్థమైంది.

ఈ మూడో దశ అందరికీ రాదు. రెండో జ్వరం తేలికగా పోయిన పిల్లకు కూడా వారాల తర్వాత రావచ్చు. చూయింగ్ గమ్ నములుతున్నట్టు దవడ ఆడించి నురగ కారిస్తే అది ఫిట్. అరికాళ్లు, ముక్కు గట్టిపడి పగిలినా నరాల మీద కన్నేసి ఉంచాలి. ఫిట్స్ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వస్తూ, మందుకు లొంగకపోతే డాక్టరు చెప్పేది వినడానికి మనసు గట్టి చేసుకోవాలి. కాలు మాత్రమే అదురుతూ, తినగలిగి, నడవగలిగితే ఆశ వదలొద్దు. మల్లి ఆ అదురుతోనే పదకొండేళ్లు బతికింది. పళ్ల మీద ఎనామిల్ మాత్రం గుంటలు పడి, గోధుమరంగుగానే ఉండిపోయింది.

రేబిస్ సూది వేయించానన్నావు. మంచిదే, కానీ అది డిస్టెంపర్‌ను ఆపదు. దానికి వేరే టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. ఒక్క డోసుతో ఎందుకు సరిపోదంటే, తల్లి పాలతో వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తరిగిపోతుందో పిల్లపిల్లకూ మారుతుంది. అది తరిగిపోయి, టీకా పట్టుకోని ఆ మధ్యకాలంలోనే పిల్లలు దొరికిపోతాయి. మన వీధి పిల్లలకు తల్లికే టీకా ఉండదు కాబట్టి ఆ తల్లిపాల అండ కూడా నమ్మలేం.

రెండో పిల్ల చిట్టిని వెంటనే వేరే గదిలో ఉంచు, వేరే గిన్నె పెట్టు. ముందు దాని పని చూసి, తర్వాతే బుజ్జిగాడిని ముట్టుకో. చేతులు సబ్బుతో కడుక్కో, బట్ట మార్చుకో. ఈ వైరస్ సబ్బుకూ ఎండకూ త్వరగా చస్తుంది గానీ, కోలుకున్న కుక్క కూడా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వైరస్‌ను వదులుతుంది. చిట్టికి జ్వరం లేకపోతే టీకా వెయ్యొచ్చా అని డాక్టరునడుగు. ఇప్పటికే సోకి ఉంటే మాత్రం టీకా దాన్ని ఆపలేకపోవచ్చు.

ఈ రాత్రి బుజ్జిగాడు గాఢంగా నిద్రపోయాక రెండు నిమిషాలు కాళ్లూ దవడా కనిపించేలా వీడియో తీసి పంపు. వాడు దగ్గినా పర్లేదు, లేపొద్దు.

నీ
పెదనాన్న