సీరియల్లల్ల ఎప్పుడూ పరువు, ఆస్తి, అమ్మ త్యాగమేనా?

మన తెలుగు ఫ్యామిలీ డ్రామాలు ఎన్ని చూసినా ఇంటి పరువు, ఆస్తి పంపకం, అమ్మ త్యాగం చుట్టే ఎందుకు తిరుగుతయ్?

ఈ మూడింట్ల ఒక్కోదానికి ఒక్కో పని ఉంటది. ఆస్తి పంచకుండ ఉంటేనే పడని వాళ్లంతా ఒకే ఇంట్ల ఉంటరు, పరువు ఉంటేనే ఎవరూ నిజం బయటపెట్టరు, ఇగ అమ్మ ఆ నిజాన్ని కడుపుల దాచుకుంటది కాబట్టి కథ నెలలకు నెలలు నడుస్తది.

పరకాల దిక్కు ఒక ఇల్లు అనుకోండ్రి. బాపు స్వార్జితం నాలుగెకరాలు, వీలునామా రాయకుండ పోయిండు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, ఇద్దరు కొడుకులకు, బిడ్డకు తలా ఒక ఎకరం వస్తది. కానీ ఇంట్ల లెక్క వేరే, బిడ్డకు పెండ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చినం కదా అంటరు, ఆమె వాటా అడిగితే పుట్టింటి పరువు తీసిందంటరు, అడగకపోతే అత్తగారింట్ల పోరు. రైటర్‌కు ఇక్కడే కథ దొరుకుతది, ఎందుకంటే చట్టం ఇచ్చిన దాన్ని వద్దని సంతకం పెట్టించాలె, ఆ సంతకం కోసం అందరూ ఒక్కదగ్గర కూడాలె.

అమ్మ కూడా వారసురాలే, కానీ ఆమె ఎకరం గురించి ఏ సీన్లనూ మాట రాదు! ఆమె సంతకం పెట్టుడునే త్యాగం అని వీణ మ్యూజిక్ ఏస్తరు. అదే అమ్మ ‘నా వాటా నాకియ్యుండ్రి’ అంటే సీరియల్ నెలకే అయిపోతది, లేకుంటే ఆమెను విలన్‌ను చేస్తరు.