మూడు, నాలుగు అక్షరాల మాటలతో నిదుర కథ

చి. ల. సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బుజ్జాయి బడిలో చప్పట్లు కొడుతూ అక్షరాలు లెక్కపెట్టడం నేర్చుకొచ్చాడనీ, రాత్రి కథ కూడా మూడు చప్పట్ల మాటలతో, నాలుగు చప్పట్ల మాటలతోనే చెప్పమని పట్టుబడుతున్నాడనీ రాశావు. తెలిసిన కథలన్నీ వెతికినా ఒక్కటీ కుదరలేదన్నావు. కుదరవు, అమ్మలూ. మన ఏడు చేపల కథనే తీసుకో. రాజు, ఏడు, చేప, ఎండ, గడ్డి, మోపు, ఆవు, అవ్వ, పాప, చీమ... అన్నీ రెండక్షరాలే. తెలుగులో ఇంటి మాటలు, పసిపిల్లల మాటలు చాలావరకు రెండక్షరాలవే కదా. అందుకని పాత కథను ఈ నియమంలోకి ఇరికించాలని చూడకు. నియమంలో ఇమిడే మాటలను ముందు పోగుచేసుకుని, వాటిలోంచే కథ అల్లు.

లెక్క మీ ఇద్దరికీ ఒకటే ఉండాలి. వత్తున్నా, సున్నా ఉన్నా అది ఒక్క అక్షరమే. అమ్మ రెండు, అమ్మమ్మ మూడు, చందమామ నాలుగు. పొల్లు వస్తే ముందున్న అక్షరంతో కలిసిపోతుంది, కాబట్టి సైకిల్ రెండు, సైకిలు మూడు. విభక్తిని మామూలుగా కలిపే రాస్తాం, అందుకే చెట్టు పనికిరాకపోయినా చెట్టుకు, చెట్టుపై పనికొస్తాయి. ఈ ఒక్క వెసులుబాటుతో సగం దారి తెరుచుకుంటుంది. అంతేగాని విడివిడిగా ఉండాల్సిన మాటలను లెక్క కోసం అతికించకు. వాడు చప్పట్ల మధ్యలో పట్టేస్తాడు.

నువ్వు జంతువుల పేర్ల దగ్గర ఆగిపోయినట్టున్నావు. నక్క, పులి, కోతి, కాకి పోయాయని బెంగ వద్దు. అసలు చిక్కు చిన్న మాటల దగ్గర ఉంది. ఆ, ఈ, ఒక, అది, వాడు, ఉంది, లేదు, అని, కాని, మరి... ఇవేవీ రాకూడదు. వీటిలో బాగా ఇబ్బంది పెట్టేది 'అని'. అది లేకుండా ఒకళ్ళన్న మాట ఇంకొకళ్ళకు ఎలా చెబుతాం? పాత్ర పలికిన మాట ముందు చెప్పెయ్యి, తర్వాత "అన్నది తాబేలు" అని ముగించు. 'అంది' రెండే, 'అన్నది' మూడు. 'ఉంది' బదులు 'ఉన్నది'. తెలంగాణలో పెద్దవాళ్ళ నోట ఈ రెండూ ఎప్పుడూ వినేవే, కాబట్టి పుస్తకంలోంచి ఎత్తుకొచ్చినట్టు ఉండవు. రాత్రి పోతే రాతిరి ఉంది, నిద్ర పోతే నిదుర ఉంది. పడుకునే వేళ ఈ రెండు మాటలు వాటికన్నా మెత్తగా కూడా ఉంటాయి. అది, వాడు లేవు కనుక ప్రతిసారీ పేరే చెప్పాలి. పెద్దవాళ్ళకు విసుగనిపించవచ్చు గాని, నాలుగేళ్ళ వాడికి అదే కావాలి. ఎవరి గురించి చెబుతున్నావో వాడు ఎక్కడా తప్పిపోడు.

'లేదు' దగ్గర జాగ్రత్త. వాక్యం చివర కాదనడానికి మన నోటికి మొదట అదే వస్తుంది. 'పలకలేదు' అంటే అయిదు అయిపోయింది. అలాంటి చోట 'పలకడు', 'కదలదు' అను. "ఉలకడు, పలకడు" మనం రోజూ అనే జంటే కదా, రెండూ నాలుగేసి అక్షరాలు.

ఇక తెలుగు నీకు ఉచితంగా ఇచ్చేది జంట మాటలు. గబగబ, మిలమిల, బుడిబుడి, గుసగుస, కిచకిచ, జలజల, సరసర. ప్రతిదీ సరిగ్గా నాలుగు. వర్ణన కోసం ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. ఎవరు ఎలా నడిచారో, నీళ్ళు ఎలా మెరిశాయో ఒక్క మాటలో చెవికి తెలిసిపోతుంది. అయితే గుసగుస తప్ప మిగిలినవన్నీ కథ మొదటి సగంలో వాడెయ్యి. గబగబ, దబదబ వినగానే వాడి కాళ్ళు కూడా ఆడతాయి. చివర్లో అవి ఉంటే వాడు లేచి కూర్చుంటాడు.

ఇప్పుడు కథ ఎలా కట్టాలో చూడు. నిదుర కథకు నేను ముగింపు ముందు చూస్తాను. చివరికి కథలో వాళ్ళందరూ కదలకుండా ఉండాలి, ఆ కదలకపోవడానికి కథలోనే ఒక కారణం ఉండాలి. "బజ్జో" అని పైనుంచి చెబితే పిల్లలు వినరు. చెరువు కదిలితే అందులోని చందమామ చెదిరిపోతాడు, చెరువు నిలిస్తే మళ్ళీ గుండ్రంగా అవుతాడు. ఇంతకన్నా మంచి కారణం నాకు తోచలేదు. చెరువు మూడు, చందమామ నాలుగు. కథ మొత్తం ఇదిగో:

ఒకానొక అడవిలో చెరువు ఉన్నది. చెరువులో తాబేలు ఉన్నది. రాతిరి తాబేలు మెల్లగా గట్టుకు వచ్చింది. నీళ్ళల్లో చందమామ మిలమిల మెరిశాడు.

"చందమామా! చెరువులో పడ్డావా? చలిగా ఉన్నదా?" అన్నది తాబేలు. చందమామ ఉలకడు, పలకడు.

తాబేలు బుడిబుడి నడిచింది. కుందేలును పిలిచింది. కుందేలు గబగబ వచ్చింది. ఏనుగును పిలిచింది. ఏనుగు దబదబ వచ్చింది. ముగ్గురూ చెరువును చూశారు.

"తొండంతో లాగుతాను," అన్నది ఏనుగు. తొండాన్ని నీళ్ళల్లో ముంచింది. చెరువంతా కదిలింది. చందమామ ముక్కలు ముక్కలు అయ్యాడు!

"అయ్యయ్యో! ఏనుగా, కదలకు!" అన్నది కుందేలు. "ఎవ్వరూ కదలొద్దు," అన్నది తాబేలు.

ఏనుగు కదలదు. కుందేలు మెదలదు. తాబేలు కదలదు. మెల్లగా, మెల్లగా చెరువు నిలిచింది. ముక్కలన్నీ కలిశాయి. చందమామ గుండ్రంగా నవ్వాడు.

తాబేలు గుసగుస అన్నది: "చందమామ నిదురలో ఉన్నాడు. కదిలితే లేస్తాడు."

ఏనుగు చెవులు వాల్చింది. కుందేలు కాళ్ళను ముడిచింది. తాబేలు తలను లోపలికి లాగింది. ఆకులు కదలవు. చెరువు కదలదు. చందమామ కదలడు.

ఏనుగు నిదుర. కుందేలు నిదుర. తాబేలు నిదుర. చందమామ నిదుర. బుజ్జాయి నిదుర.

మొదటి మాట కోసం నేను 'అనగనగా' వదులుకున్నాను, అది అయిదక్షరాలు. "అనగ అనగ" అని విరిచి చెప్పవచ్చు గాని నడక కుంటుతుంది. 'ఒకానొక' కాస్త పెద్దమాటే అయినా కథ మొదలవుతోందని వాడికి రెండో రాత్రికే తెలిసిపోతుంది. 'పడుకున్నాడు' అయిదు కాబట్టి 'నిదురలో ఉన్నాడు' అన్నాను. 'నిద్రపోయింది' కూడా అయిదే. చివర్లో క్రియే లేకుండా "ఏనుగు నిదుర" అని ఆపింది అందుకే, పైగా రెండేసి మాటల వాక్యాల వల్ల గొంతు దానంతట అదే నెమ్మదిస్తుంది. పేరు మాత్రం చూసుకో. 'బుజ్జాయి' మూడు కాబట్టి సరిపోయింది. రేపు చుట్టాలింటి పిల్ల ఎవరైనా పక్కన పడుకుంటే, దాని పేరు రెండక్షరాలైతే 'చిన్నారి' అను.

ఎలుక, ఉడత, చిలుక కూడా మూడక్షరాలే కదా, తాబేలు, కుందేలే ఎందుకని అడుగుతావేమో. నోటితో అని చూడు. ఎలుకను మనం మాటల్లో 'ఎల్క' అంటాం, ఉడతను 'ఉడ్త', చిలుకను 'చిల్క'. కాగితం మీద మూడున్నా నోట్లో రెండే మిగులుతాయి, వాడి చేతులు రెండుసార్లే చప్పట్లు కొడతాయి. తాబేలు, కుందేలు అలా కాదు, నడుమ దీర్ఘం ఉంది కనుక నాలుక దాన్ని మింగలేదు. సున్న ఉన్నా, వత్తు ఉన్నా అంతే: తొండంతో, నీళ్ళల్లో, ఎవ్వరూ. నాలుగక్షరాల మాటలతో ఈ భయం తక్కువ. 'పిలిచింది' నోట్లో 'పిల్చింది' అయినా మూడు మిగులుతాయి, నియమం తప్పదు. కాపలా కాయాల్సింది నడుమ దీర్ఘం, సున్న, వత్తు లేని మూడక్షరాల మాటలకే. ఈ కథలో అలాంటివి ముఖ్యంగా చెరువు, ఏనుగు, రాతిరి, నిదుర, చెవులు, ఆకులు. వాటిని సాగదీసి చెప్పు. ఏనుగులో 'ఏ' మీద కొంచెం నిలబడు. 'చెర్వు' అనకుండా మూడక్షరాలూ పలుకు.

కథ కట్టేశాక కాగితం మీద గీతలు పెట్టి సరిచూసుకోవడం ఒక పని. దానితో ఆగకు. వాడు లేని వేళ వంటింట్లో నిలబడి పైకి చదువుతూ చప్పట్లు కొట్టు. చేతులు తడబడిన చోటల్లా మాట మార్చు.

వాడితో కలిసి చప్పట్లు పగలే కొట్టండి. సాయంత్రం ఆటగా ఒకసారి కథంతా లెక్కపెట్టనీ, వాడికి నచ్చిన మాటలు వాణ్నే వెతకనీ. ఒకటి, నాలుగు, తొమ్మిది, ఎనిమిది అంకెల్లో పనికొస్తాయనీ, రెండు, మూడు, ఐదు పనికిరావనీ వాడే కనిపెట్టనీ. 'అయిదు' మూడక్షరాలు కదా అని వాదిస్తే నువ్వు ఓడిపో, అలా రాస్తే మూడే, ఒప్పుకుని తీరాలి. బండ్లు కావాలంటే రైలుబండి, విమానం ఉన్నాయి. దీపం ఆర్పాక మాత్రం చప్పట్లు వద్దు. చేయి వాడి వీపు మీద వేసి మాటకొక్కసారి తట్టు. అక్షరానికొక్కసారి తడితే వేగం ఎక్కువై మత్తు రాదు.

మధ్యలో వాడు ప్రశ్నలేస్తాడు. "ఏనుగుకు చలి వెయ్యదా?" అంటే నియమం పక్కన పెట్టి మామూలుగా జవాబు చెప్పు. మూడక్షరాల్లో జవాబు వెతుకుతూ కూర్చుంటే వాడికి తెలివొచ్చేస్తుంది. జవాబు అయ్యాక ఆగిన వాక్యాన్నే మళ్ళీ మొదటినుంచి అందుకో.

ఈ కథ నెమ్మదిగా చెబితే రెండు మూడు నిమిషాలకు మించదు. చాలలేదంటే చివర పొడిగించకు, మధ్యలో పొడిగించు. ఏనుగు కన్నా ముందు ఇంకొకళ్ళు వచ్చి లాగబోవచ్చు. నెమలి, మొసలి, పావురం ఉన్నాయి. వాటిలో పావురమే నోటికి నికరంగా నిలుస్తుంది. "పావురం టపటప వచ్చింది. ముక్కుతో లాగింది. చెరువంతా కదిలింది." అప్పుడు 'ముగ్గురూ' తీసేసి 'నలుగురూ' పెట్టడం మరిచిపోకు, చివర "పావురం నిదుర" కూడా చేర్చాలి. ఒకళ్ళను నిదురపుచ్చకుండా వదిలేస్తే వాడు కళ్ళు మూసుకునే అడుగుతాడు.

కొత్త కథ కట్టినప్పుడు నాకు రాసి పంపు. 'అని' ఎక్కడైనా దూరిందేమో చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ