పిల్లల స్మార్ట్‌వాచ్‌కి ఏ సిమ్, ఏ సెట్టింగ్స్?

మా పాప స్కూల్ వ్యాన్‌లో వెళ్తుందండీ, సిమ్ వేసే వాచ్ కొన్నాం, ఏ సిమ్ వేయాలి, ఏమేం సెట్ చేయాలి?

ముందు బాక్స్ మీద 2జీనా 4జీనా చూడండి, 2జీ వాచ్ అయితే జియో సిమ్ అస్సలు పనిచేయదు, వాళ్లకి 2జీ నెట్‌వర్కే లేదు, ఎయిర్‌టెల్ లాంటిది తీసుకోండి. సిమ్ ముందు మీ ఫోన్‌లో వేసి కాల్, నెట్ రెండూ వస్తున్నాయో చూసుకుని, సిమ్‌కి పిన్ లాక్ ఉంటే తీసేసి అప్పుడు వాచ్‌లో పెట్టండి. డేటా ఉన్న ప్యాకే వేయించండి, లేకపోతే కాల్స్ వెళ్తుంటాయి కానీ లొకేషన్ మాత్రం పాత చోటే ఆగిపోయి ఉంటుంది, అందుకే యాప్‌లో చుక్క ఒక్కటే కాదు, అది ఎన్నింటికి అప్‌డేట్ అయిందో కూడా చూడాలి. క్లాస్‌రూమ్ లోపల జీపీఎస్ సరిగా అందదు, టవర్‌ని బట్టి చూపిస్తుంది కాబట్టి పక్క వీధిలో కనబడితే కంగారు పడకండి.

కాంటాక్ట్స్‌లో అమ్మ, నాన్న, అమ్మమ్మ, వ్యాన్ డ్రైవర్ చాలు, తెలియని నంబర్ల కాల్స్ బ్లాక్ చేసేయండి. క్లాస్ టైమ్‌లో కాల్స్ ఆపేసే స్కూల్ మోడ్‌ని బెల్ టైమ్‌కే పెట్టండి, వ్యాన్ టైమ్ కలపొద్దు, ఆ దారిలోనే కదా పాపకి కాల్ అవసరం. ఆ మోడ్ ఆన్‌లో ఉండగా ఎస్ఓఎస్ నొక్కితే మీకు కాల్ వస్తుందో లేదో ఇంట్లోనే ఒకసారి పాపతోనే నొక్కించి చూడండి.