టెక్ సందేహాలు: 2.5 పెట్టినా కుట్టు 2.5 రావట్లేదు

"కొత్తగా కొన్న కంప్యూటరైజ్డ్ కుట్టుమిషన్ మీద ఫ్రీ మోషన్‌లో బొంత కుట్టడం నేర్చుకుంటున్నాను. స్టిచ్ లెంగ్త్ 2.5 పెట్టాను. అయినా కుట్లు ఒకచోట చీమల్లా, ఇంకోచోట బారెడు వస్తున్నాయి. సెట్టింగ్ పనిచేయట్లేదా? పావుగంటకే వేళ్ళు, భుజాలు పట్టేస్తున్నాయి. కుట్లు సమంగా వేసే సెన్సార్ ఉన్న మిషన్‌కి మారిపోనా?"
– ఒక పాఠకురాలు, నాగోల్, హైదరాబాద్

అప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. మీ మిషన్‌కి ఏమీ కాలేదు. ఫ్రీ మోషన్‌లో ఆ 2.5కి అసలు పనే లేదు. మామూలు కుట్టులో సూది కిందున్న పళ్ళు గుడ్డను వెనక్కి లాగుతాయి. ఒక్కో కుట్టుకి ఎంత లాగాలో వాటికి చెప్పేదే ఆ నంబర్. పళ్ళు కిందికి దించేశాక గుడ్డను జరిపేది మీ చేతులు. వాటికి డయల్ ఉండదు కదా! (పళ్ళు దించే మీట లేని మిషన్లలో వాటిమీద ప్లేట్ బిగిస్తారు, లేదా స్టిచ్ లెంగ్త్ 0 పెడతారు.)

ముగ్గు వేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వేళ్ళ సందులోంచి పిండి ఒకే ధారగా రాలుతుంటుంది. చెయ్యి ఆగినచోట కుప్ప పడుతుంది, పరిగెత్తినచోట గీత పలచబడుతుంది. సూదీ అంతే. కాబట్టి ముందు ఆ ధార మారకుండా చూసుకోవాలి, ఆ తర్వాతే చేతి వేగం. చాలామంది రెండూ ఒకేసారి సరిచేయబోతారు. భయమేసిన చోట కాలు పెడల్‌ని నొక్కేస్తుంది, చెయ్యి బిగుసుకుపోతుంది. చీమల్లాంటి కుట్లు అక్కడే పడతాయి.

మీది కంప్యూటరైజ్డ్ మిషన్ అంటున్నారు కాబట్టి దాదాపుగా వేగం స్లైడర్ ఉంటుంది. దాన్ని సగం కంటే కాస్త కింద పెట్టి, పెడల్‌ని చివరిదాకా నొక్కండి. స్లైడర్ పెట్టిన హద్దు దాటి మిషన్ వెళ్ళదు కాబట్టి పెడల్ ఇక ఆన్, ఆఫ్ స్విచ్‌లా పనిచేస్తుంది. కాలి మీద ధ్యాస పోతుంది, ధార స్థిరపడుతుంది.

ఇప్పుడు ఆ ధార ఎంతో కొలుద్దాం. పళ్ళు మళ్ళీ పైకి లేపి, మామూలు ఫుట్ పెట్టి, 2.5 మీద, స్లైడర్ కదపకుండా సరిగ్గా 10 సెకన్లు తిన్నగా కుట్టండి. గీత 15 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 150 మిల్లీమీటర్లని 2.5తో భాగిస్తే 60 కుట్లు, అంటే సెకనుకి 6. ఫ్రీ మోషన్‌లో కూడా 2.5 కుట్టే కావాలంటే మీ చేతులు సెకనుకి 15 మిల్లీమీటర్లు జరగాలి. బొటనవేలి గోరు వెడల్పు కంటే అంత ఎక్కువేం కాదు. మొదటిసారి లెక్క వేసినప్పుడు, ఇంత నెమ్మదా అని నాకే ఆశ్చర్యమేసింది.

తర్వాత పైగుడ్డ, దూది పొర, అడుగు గుడ్డ కలిపి ఒక 35 సెంటీమీటర్ల చదరం చేసుకోండి. దానిమీద పెన్సిల్‌తో గీత గీసి, ప్రతి 15 మిల్లీమీటర్లకి ఒక గుర్తు పెట్టండి. ఫోన్‌లో ఏదైనా మెట్రోనోమ్ యాప్ తెరిచి 60 మీద పెడితే సెకనుకో టిక్ వినిపిస్తుంది. ఫ్రీ మోషన్‌లో కుడుతూ ప్రతి టిక్‌కీ ఒక గుర్తు దాటాలి. గుర్తు దగ్గర ఆగకూడదు. కుట్టాక గుర్తుల మధ్య కుట్లు లెక్కపెట్టండి. ఆరుంటే సరిగ్గా వచ్చినట్టు, అయిదూ ఏడూ ఫరవాలేదు. నాలుగే ఉంటే అక్కడ చెయ్యి ఉరికింది, పది ఉంటే తడబడింది. తిన్నటి గీత కుదిరాకే వంపుల్లోకి వెళ్ళండి.

వంపుల్లో ఏం జరిగిందో గుడ్డ తిప్పి చూస్తే తెలుస్తుంది. అందుకే సాధన చేసేటప్పుడు పైదారం ఒక రంగు, బాబిన్ దారం ఇంకో రంగు పెట్టుకోండి. వెనకవైపు వంపుల దగ్గర మాత్రమే పైదారం కనురెప్ప వెంట్రుకల్లా బయటికి వచ్చిందంటే, తిరిగేచోట చెయ్యి విసురుగా వెళ్ళిందని అర్థం. టెన్షన్ డయల్ ముట్టుకోకండి, చెయ్యి తగ్గించండి. తిన్నటి గీతల్లో కూడా అలాగే ఉంటే పైదారం వదులుగా ఉన్నట్టు, అప్పుడు డయల్ కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. ఆకు కొనలాంటి చోట్ల సమస్య తలకిందులవుతుంది. అక్కడ అర సెకను తటపటాయించినా సూది ఒకే రంధ్రంలో మూడుసార్లు దిగుతుంది. కొన చేరకముందే తర్వాత ఎటు వెళ్ళాలో చూపు అటు పెట్టుకుంటే చెయ్యి ఆగదు.

వెనకాల అసలు కుట్టే కాదు, పిచ్చుకగూడులా దారం ఉండలు కట్టిందా? అయితే మీరు ఫుట్ దించడం మరిచిపోయారు. ఫ్రీ మోషన్ ఫుట్ దించినా గుడ్డను గట్టిగా అదమదు కాబట్టి దించామో లేదో చేతికి తెలియదు. దించకపోతే పైదారానికి టెన్షనే పడదు. ఇది తెలియక నేనొక సాయంత్రమంతా బాబిన్ కేస్ ఊడదీసి తుడుస్తూ కూర్చున్నాను.

ఇక చేతుల సంగతి. గట్టిగా పట్టుకోవడం మానండి అంటే సరిపోదు. ఎందుకు పట్టుకుంటున్నారో చూడాలి. పెద్ద బొంత బల్ల అంచు నుంచి కిందికి వేలాడితే ఆ బరువు గుడ్డను అటు లాగుతుంది, మీరు ఇటు లాగుతారు. వేళ్ళు పట్టేసేది అందుకే. ఆ గుంజులాటలో గుడ్డ ఒక్కసారిగా జారి పొడుగు కుట్టు కూడా పడుతుంది. మిషన్ ఎడమపక్క, వెనకపక్క ఇంకో బల్లో, ఇస్త్రీ బల్లో అదే ఎత్తులో వేసి బొంత మొత్తం పైనే ఉండేలా కుప్పగా పెట్టుకోండి. మోచేతులు బల్ల ఎత్తుకి రాకపోతే కుర్చీ మీద దిండు వేసుకోండి. కిందనుంచి చేతులు పైకెత్తి కుడితే భుజాలు చెవులదాకా వెళ్తాయి.

అరచేతులు సూదికి అటూ ఇటూ చదునుగా ఆనించి జరపండి, గుడ్డను పిడికిట్లో పట్టుకోకండి. జారుతుంటే రబ్బరు చుక్కలున్న పనివాళ్ళ గ్లౌజులు వేసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి. మీ చేతికి సరిపడా బిగువైనవి తీసుకోండి, వదులుగా ఉంటే సూది కిందికి వెళ్తాయి. రెండు చేతుల మధ్య జానెడు మేర కుట్టాక సూది గుడ్డలో దిగి ఉండగా ఆపండి. చాలా మిషన్లలో దీనికి బటన్ ఉంటుంది. అప్పుడు మాత్రమే చేతులు జరుపుకోండి. నడుస్తుండగా జరిపితే కుట్టు తప్పక ఎగురుతుంది. ఆగిన ప్రతిసారీ గోళ్ళు చూసుకోండి. తెల్లబడి ఉంటే మీరు నొక్కుతున్నట్టే.

సెన్సార్ మిషన్ల విషయానికొస్తే, వాటిలో కొన్ని ఆప్టికల్ మౌస్ పద్ధతిలోనే పనిచేస్తాయి. ఫుట్ దగ్గరున్న కన్ను గుడ్డ కదలికను చూస్తుంది, దాన్నిబట్టి సూది వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. బాగానే పనిచేస్తుంది. కాకపోతే మిషన్ గరిష్ఠ వేగాన్ని మించి చెయ్యి పరిగెత్తితే అది కూడా అందుకోలేదు. బల్ల అంచున వేలాడే బరువునైతే ఏ సెన్సారూ మోయదు. ఓ నెల రోజులు గుర్తుల గీత కుట్టాక కూడా కావాలనిపిస్తే డెమోకి వెళ్ళండి. దుకాణంవాళ్ళు ఇచ్చే పలచటి గుడ్డ మీద కాకుండా, మీరు ఇంట్లో కుట్టే దూది పొర ముక్కే తీసుకెళ్ళి దానిమీద కుట్టి చూడండి.