యాడ్ టైమింగ్స్: జీరో లీడ్లు వచ్చిన గంటలన్నీ ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది డెంటల్ క్లినిక్ అండీ. గూగుల్ సెర్చ్ యాడ్స్‌కి పోయిన నెల 1,200 క్లిక్కులు, 48 లీడ్లు వచ్చాయి. రోజు, గంట వారీ రిపోర్టు తీస్తే మంగళవారం ఉదయం 11, గురువారం సాయంత్రం 7 లాంటి చోట్ల ఒక్క లీడూ లేదు. ఇలాంటివి వందకు పైనే ఉన్నాయి. అవన్నీ ఆపేస్తే డబ్బు మిగులుతుంది కదా?

జవాబు:

ఈ రిపోర్టు చూసి మాత్రం ఆపకండి. వారానికి 7 రోజులు, రోజుకు 24 గంటలు, అంటే ఆ టేబుల్లో 168 గళ్ళు. మీకు వచ్చిన లీడ్లు 48. ఒక్కో లీడూ వేరే గడిలో పడిందనుకున్నా 120 గళ్ళు ఖాళీగా మిగలాల్సిందే. వందకు పైగా జీరోలు కనిపించడం మీ టైమింగ్స్ తప్పని చెప్పడం లేదు, లీడ్ల కంటే గళ్ళు ఎక్కువున్నాయని చెబుతోంది, అంతే.

ఇంకోలా చూడండి. 1,200 క్లిక్కుల్ని 168 గళ్ళకు పంచితే సగటున గడికి 7 వస్తాయి. మీ కన్వర్షన్ రేటు 4 శాతం. ఆ గంట నిజంగా బాగా పనిచేసే గంటే అయినా, 7 క్లిక్కుల్లో ఒక్క లీడూ రాకపోయే అవకాశం 0.96ని ఏడుసార్లు గుణిస్తే తెలుస్తుంది: దాదాపు 75 శాతం. మంగళవారం 11 గంటలకు జీరో ఉండటం వింత కాదు, లీడ్ ఉంటేనే కాస్త అదృష్టం. 4 శాతం రేటు మీద ఒక గడిని అనుమానించాలంటే కనీసం 75 క్లిక్కులు పోయి ఒక్క లీడూ రాకుండా ఉండాలి. అప్పుడు కూడా అనుమానించాలి అంటున్నాను, తీసేయాలి అనట్లేదు, ఎందుకంటే 168 గళ్ళు ఒకేసారి వెతికితే నూటికి 5 సార్లు మాత్రమే జరిగే చెడ్డ ఫలితం కూడా ఎనిమిది చోట్ల ఊరికే కనిపిస్తుంది.

విజయవాడలో ఇలాంటి ఒక క్లినిక్ అకౌంట్ నేను చూస్తాను. అక్కడ ఏం చేస్తానో చెప్తాను. లెక్క తేలిగ్గా ఉండాలని మీ క్లిక్కుల స్థాయికి సరిపడేలా అంకెలు రౌండ్ చేశాను.

ముందుగా 30 రోజుల బదులు 90 రోజుల డేటా తీసుకుంటాను, అదీ చివరి రెండు వారాలు వదిలేసి. గూగుల్ మామూలుగా లీడ్‌ని అది వచ్చిన సమయానికి కాదు, క్లిక్ చేసిన సమయానికి రాస్తుంది. రాత్రి 11కి క్లిక్ చేసి రెండు రోజులు ఆలోచించి ఫారం నింపితే ఆ లీడ్ వెనక్కి వెళ్ళి రాత్రి 11లోనే పడుతుంది. అందుకే నిన్న మొన్నటి గంటలు ఎప్పుడూ ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తాయి.

తర్వాత గంటల్ని బ్లాకులుగా కలుపుతాను. ఇక్కడ ఒక్కటి మాత్రం గట్టిగా పాటించండి: బ్లాకులు రిపోర్టు చూడకముందే, క్లినిక్ టైమింగ్స్ బట్టి నిర్ణయించుకోవాలి. చూశాక గీస్తే తెలియకుండానే చెడ్డ గంటలన్నీ ఒక గీతలోకి లాగేస్తాం. నేను ఉదయం ఓపీ, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు మూసివేసే సమయం, సాయంత్రం ఓపీ, రాత్రి 11 నుంచి ఉదయం 6, ఇలా పెట్టుకున్నాను. వారంలో రోజుల్ని ఆదివారం, మిగతా రోజులు అని రెండుగానే విడదీస్తాను, అదీ విడిగా, గంటలతో కలపకుండా.

90 రోజుల్లో 3,600 క్లిక్కులు, 144 లీడ్లు అనుకుందాం, రేటు అదే 4 శాతం. రాత్రి బ్లాకులో 400 క్లిక్కులకు 6 లీడ్లు, రావాల్సినవి 16. మధ్యాహ్నం 500 క్లిక్కులకు 15, రావాల్సినవి 20. రెండూ తక్కువే, కానీ రెండూ ఒకటి కాదు. రావాల్సిన సంఖ్య వర్గమూలాన్ని రెట్టింపు చేసి తీసేయండి. 16కి వర్గమూలం 4, రెట్టింపు 8, తీసేస్తే 8 మిగిలింది, అదే మన గీత. వచ్చినవి 6, గీత కిందకి పోయాయి కాబట్టి తేడా నిజమే అనుకోవచ్చు. 20కి అదే చేస్తే గీత 11 దగ్గర ఉంటుంది, 15 దానికి పైనే ఉంది, కాబట్టి మధ్యాహ్నం గురించి ఇంకా ఏమీ తేలలేదు. రావాల్సిన లీడ్లు కనీసం 10 ఉన్న బ్లాకులకే ఈ లెక్క పనికొస్తుంది. షీట్‌లో సరిగ్గా కావాలంటే:

```
=POISSON.DIST(6,16,TRUE)
=POISSON.DIST(15,20,TRUE)
```

మొదటిది 0.004, రెండోది 0.157 ఇస్తుంది. అంటే మధ్యాహ్నం మామూలుగానే పనిచేస్తున్నా, ఆరేడు సార్లకు ఒకసారి ఇంత తక్కువ రావచ్చు. ఆ తర్వాత దానికి ముందున్న 90 రోజులు తీసి అదే బ్లాకు అప్పుడూ బలహీనంగా ఉందా అని చూస్తాను. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఈ చెకింగే. ఒక్కో గడిని విడిగా చూసినప్పుడు చెడ్డగా కనిపించిన గళ్ళు ఇక్కడ చాలావరకు మాయమవుతాయి, రాత్రి బ్లాకు లాంటివి నిలబడతాయి.

నిలబడినా వెంటనే కట్ చేయను. లీడ్ ఒక్కింటికి ఎంత పడిందో చూడాలి. రాత్రి పోటీ తక్కువ, క్లిక్ 9 రూపాయలకే వచ్చిందనుకోండి, 3,600 ఖర్చుకి 6 లీడ్లు, లీడ్‌కి 600. మొత్తం అకౌంట్లో క్లిక్ సగటు 18 అయితే లీడ్‌కి 450. రేటు చూస్తే రాత్రి సగం కూడా లేదు, ఖర్చు చూస్తే మూడో వంతే ఎక్కువ. దీనికి తగిన మందు యాడ్ ఆపడం కాదు, బిడ్ 25 శాతం తగ్గించడం, ఎందుకంటే 600లో 25 శాతం పోతే 450.

మధ్యాహ్నం సంగతి వేరు. అక్కడ నేను ముందు చూసేది ఫోన్. కాల్ కన్వర్షన్‌కి మామూలుగా 60 సెకన్ల పరిమితి ఉంటుంది, అంతకంటే తక్కువ మాట్లాడితే లెక్కలోకి రాదు. మధ్యాహ్నం రిసెప్షన్‌లో ఎవరూ ఎత్తకపోతే, పన్ను నొప్పితో చేసిన పేషెంట్ ఇంకో క్లినిక్‌కి చేసేస్తాడు, మీ రిపోర్టులో ఆ గంట పనికిరానిదిగా మిగులుతుంది. కాల్ రిపోర్టులో మిస్ అయిన కాల్స్ 2 నుంచి 5 మధ్య గుమిగూడి ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ మూడు గంటలు కాల్స్‌ని ఎవరైనా స్టాఫ్ మొబైల్‌కి మళ్ళించి, ఇంకో నెల డేటా పోగైన తర్వాత మాట్లాడుకోవచ్చు. అలాగే సాయంత్రం గంటల్లో క్లిక్కులే తక్కువగా ఉంటే, Search lost IS కాలమ్‌లో బడ్జెట్ వల్ల ఎంత పోతోందో చూసుకోండి, రోజు బడ్జెట్ అప్పటికే అయిపోతూ ఉండొచ్చు.

చివరగా, మీరు టార్గెట్ సీపీఏ లాంటి ఆటోమేటిక్ బిడ్డింగ్‌లో ఉంటే గంటల వారీ బిడ్ తగ్గింపు పనిచేయదు, సిస్టమ్ దాన్ని పట్టించుకోదు. అక్కడ షెడ్యూల్‌తో చేయగలిగింది ఆన్, ఆఫ్ మాత్రమే. ఒకసారి ఆఫ్ చేస్తే ఆ గంటకు కొత్త డేటా రావడం ఆగిపోతుంది, నిర్ణయం తప్పో ఒప్పో తెలిసే దారి ఉండదు. అందుకని ఆపాల్సి వస్తే మొదట వారంలో నాలుగు రాత్రులు ఆపి మూడు రాత్రులు నడవనివ్వండి, ఆ మూడింటి లీడ్ ఖర్చు ఎలా ఉందో చూస్తూ ఉండొచ్చు.