పాల లీటర్లు, వెన్న శాతం: సీవీ చూసే ముందు ఆకారం చూడండి

ప్రశ్న: మా పాల కేంద్రం డేటాలో ఒక కాలమ్ లీటర్లు, ఇంకోటి వెన్న శాతం. ఎందులో హెచ్చుతగ్గులు ఎక్కువో ఎస్‌డీతో చెప్పేయొచ్చా? స్క్యూనెస్, కర్టోసిస్ కూడా రాయమంటున్నారు, అవి ఎందుకో అర్థం కాలేదు.

జవాబు: ఎస్‌డీలను, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనాలను, నేరుగా పోల్చకూడదు. ఒకటి లీటర్లలో ఉంది, రెండోది శాతంలో. ఎస్‌డీని సగటుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేది సీవీ, అంటే విచలన గుణకం. దానికి యూనిట్ ఉండదు కాబట్టి పోల్చొచ్చు. కొన్నేళ్లు పాల కేంద్రాల లెక్కలు చూసినవాణ్ని, అక్కడ కనిపించే తీరులోనే చిన్న ఉదాహరణ చెప్తాను.

ఒక పూట పదిమంది పోసిన పాలు, లీటర్లలో: 2, 3, 3, 3, 4, 4, 4, 5, 5, 17. సగటు 5, ఎస్‌డీ 4.1, అంటే సీవీ 82 శాతం. అవే గేదె పాల వెన్న: 5.8, 6.2, 6.4, 6.5, 6.6, 6.8, 6.9, 7.0, 7.2, 7.6. సగటు 6.7, ఎస్‌డీ 0.49, సీవీ 7.3 శాతం. లీటర్లలో హెచ్చుతగ్గులు పదకొండు రెట్లు ఎక్కువ అని రాసేసి ఊరుకోవచ్చు. చాలా రిపోర్టుల్లో అంతే ఉంటుంది కూడా.

ఆ 82 శాతం ఎవరిది అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. స్క్యూనెస్ అంటే ప్రతి విలువకూ సగటుకూ ఉన్న తేడాను ఘనం చేసి, వాటి సగటును ఎస్‌డీ ఘనంతో భాగించడం. ఘనం చేస్తే గుర్తు పోదు కాబట్టి తోక ఏ పక్కకు సాగిందో తెలుస్తుంది. వెన్నకు అది సున్నా, లీటర్లకు 2.43. అంటే కుడివైపు బాగా సాగింది. సగటు 5 అయినా మధ్యగతం 4 దగ్గరే ఉండిపోవడం అందుకే.

కర్టోసిస్‌లో ఆ తేడాలను నాలుగో ఘాతానికి పెంచి, వాటి సగటును ఎస్‌డీ నాలుగో ఘాతంతో భాగిస్తాం. దాన్ని గ్రాఫ్ మొన ఎంత కోసుగా ఉందో చెప్పే కొలతగా చాలా నోట్సుల్లో రాస్తారు. నా మటుకు నేను ఆ మాట పక్కన పెట్టమంటాను. అది ముఖ్యంగా తోకల సంగతి, దూరంగా పడిన విలువల సంగతి. ఇక్కడే చూడండి: పదిమంది నాలుగో ఘాతాల మొత్తం 20,868 అయితే, అందులో 20,736 ఆ 17 లీటర్లాయన ఒక్కడిదే. మిగతా తొమ్మిది మందిదీ కలిపి 132. కర్టోసిస్ 7.39 వచ్చింది, నార్మల్ పంపిణీకైతే 3 ఉంటుంది.

ఆయన్ను తీసేసి చూస్తే సగటు 3.67, ఎస్‌డీ 0.94, సీవీ 26 శాతానికి దిగుతుంది. స్క్యూనెస్ దాదాపు సున్నా. 82కీ 26కీ మధ్య తేడా అంతా ఒక్క మనిషిది. అలాగని వెంటనే తీసేయకండి. ఎక్కువ గేదెలున్న ఆసామి అయితే అది నిజమైన విలువే. 1.7 కొట్టబోయి చుక్క వదిలేసినా 17 అవుతుంది, ఇది మామూలుగా జరిగేదే. అదే రైతు మిగతా పూటల ఎంట్రీలు, ఆ రోజు కేంద్రం మొత్తం తూకం చూస్తే తేలిపోతుంది. నిజమైన విలువే అయితే రెండు సీవీలూ రాసి, కారణం ఒక వాక్యంలో చెప్పండి.

రాసేటప్పుడు ఏ ఫార్ములా వాడారో కూడా చెప్పండి. కర్టోసిస్ విషయంలో సాఫ్ట్‌వేర్లు ఒకే మాట చెప్పవు:

```python
import pandas as pd
from scipy.stats import kurtosis
x = [2,3,3,3,4,4,4,5,5,17]
print(kurtosis(x))                # 4.39
print(kurtosis(x, fisher=False))  # 7.39
print(pd.Series(x).kurt())        # 8.73
```

మొదటిది 3 తీసేసినది, రెండోది తీయనిది. మూడోది 3 తీసేసి, శాంపిల్ చిన్నదని సవరించినది. ఎక్సెల్‌లో `KURT` ఇచ్చేదీ ఈ మూడోదే. పది విలువలకే ఇంత తేడా, వేలల్లో ఉంటే రెండో దానికి 3 తేడా మిగులుతుంది, సవరణ ప్రభావం మాత్రం దాదాపు కనపడదు. అసలు పది విలువలతో కర్టోసిస్ ఎంత పెరిగినా 8.11 దాటదు, సవరించని లెక్కలో. అందుకే చిన్న డేటాలో దాన్ని వేలు చూపించే గుర్తుగా వాడతాను తప్ప, ఇంకో కేంద్రం అంకెతో పోల్చను.

మీ షీట్‌లో కూలర్ ఉష్ణోగ్రత కాలమ్ కూడా ఉంటే దానికి సీవీ కట్టకండి. సగటు 4 డిగ్రీల సెల్సియస్, ఎస్‌డీ 1 అయితే సీవీ 25 శాతం. అవే పాలను ఫారెన్‌హీట్‌లో కొలిస్తే సగటు 39.2, ఎస్‌డీ 1.8, సీవీ 4.6 శాతమే. ఆ స్కేళ్లలో సున్నా అంటే వేడి అసలు లేకపోవడం కాదు, మనం పెట్టుకున్న గుర్తు మాత్రమే. లీటర్లలో సున్నా అంటే పాలు లేవనే. ఉష్ణోగ్రతకు ఎస్‌డీని డిగ్రీల్లోనే రాసి వదిలేయండి.